బుద్ధ పౌర్ణమికి 48 సెకన్లు: ఒక ప్రశ్న, ఒక చెరువు, ఒక చాట

"అన్నా, హన్మకొండ నుంచి అడుగుతున్న. వచ్చే బుద్ధ పౌర్ణమికి నిమిషం లోపు ఒక షార్ట్ చేద్దామని ఉంది. మైండ్‌ఫుల్‌గా బతకడం గురించి, చూస్తే మనసు నెమ్మదించేటట్టు ఉండాలి. కిందటేడు చేసింది గుడ్ మార్నింగ్ మెసేజ్ లెక్క అయింది. ధ్యానం బొమ్మ, వేణువు, మూడు సూక్తులు పెట్టిన. చంద్రుడేమో తెల్ల బొట్టు లెక్క పడ్డడు. ఫోన్ ఒక్కటే ఉంది. ఎట్ల తీయాలె?"

తమ్ముడూ, ముందు ఆ మూడు సూక్తుల్లో రెండు తీసెయ్. మిగిలిన ఒక్కటి ఎక్కడిదో చూడు. బుద్ధుడి పేరు మీద తిరిగే మాటల్లో చాలావాటికి ఊరూ పేరూ ఉండదు. "సూర్యుడు, చంద్రుడు, సత్యం ఎక్కువ కాలం దాగవు" అన్నది ప్రతి పౌర్ణమికీ వస్తుంది కదా. దానికి దగ్గరి మాట అంగుత్తర నికాయం అనే పాలి బౌద్ధ గ్రంథంలో ఉంది, కానీ అక్కడ చెప్పింది వేరు. చంద్రబింబం, సూర్యబింబం, తథాగతుడి ధర్మం, ఈ మూడూ మూతపడి కాదు, తెరిచి ఉన్నప్పుడే వెలుగుతాయని అక్కడ ఉంటుంది. గుట్టుగా దాచుకునే విద్య తనది కాదని ఆయన అంటున్నాడు. చలామణీలో ఉన్న మాటకు ఆ అర్థమే పోయింది. ఏ గ్రంథం, ఏ భాగం అని చెప్పలేని మాటను నేనైతే వీడియోలో పెట్టను.

పెళ్లి వీడియోలు తీసి బతికేవాణ్ని నేను. 2025లో బుద్ధ పౌర్ణమి మే 12న వచ్చింది. అప్పుడు నా కోసం నేనే ఒక షార్ట్ చేసుకున్నా, 48 సెకన్లది. అది ఎట్లా కుదిరిందో, ఎక్కడ చెడిందో చెప్తా. నీకు పనికొచ్చేది తీసుకో.

మాట దొరకడానికి నాకు వారం పట్టింది. సుత్తనిపాతం అనే పాలి గ్రంథం చివర్లో పారాయన వర్గం అని ఒక భాగం ఉంది. బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు కోసల దేశం నుంచి దక్షిణానికి వచ్చి, అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉండేవాడు. బుద్ధుడి సంగతి విని తన పదహారు మంది శిష్యులను పంపాడు. వాళ్లు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా నడుచుకుంటూ మగధ చేరి, ఒక్కొక్కరుగా ప్రశ్నలు వేశారు. మొదట అడిగినవాడు అజితుడు. అతను అడిగిన వాటిలో ఒకటి ఇది: ప్రవాహాలు అన్ని దిక్కులకూ పారుతున్నాయి, వాటిని ఆపేది ఏది? బుద్ధుడి జవాబు పాలిలో "సతి తేసం నివారణం" అని ఉంటుంది. వాటికి నివారణ సతి, అంటే ఎరుక. వాటిని పూర్తిగా మూసేది ప్రజ్ఞ అని ఆ వెంటనే అంటాడు. ప్రవాహాలంటే కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు, ఈ ఆరు దారుల గుండా బయటికి పారే కోరికలని వ్యాఖ్యానాలు చెప్తాయి.

గోదావరి ఒడ్డు నుంచి పోయిన మనిషి నీళ్ల మాటతోనే అడగడం నాకు భలే నచ్చింది. మనది చెరువుల దేశం. ఆపడం, వదలడం అంటే తూము దగ్గరి పని అని మన ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నీరటి అనే మనిషి ఆ పనికే ఉండేవాడు. నీళ్లకు అడ్డం పడి నిలబడడు, ఎంత పోతోందో కనిపెట్టుకుని ఉంటాడు. సతి అంటే అదే పని. అయితే ఈ పోలికను వీడియోలో మాటల్లో చెప్పలేదు. తూము చూపించి ఊరుకున్నా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. బావరి ఉన్నది నిర్మల్ జిల్లాలో గోదావరి పాయల మధ్య ఉన్న బాదనకుర్తి అని మన దగ్గర గట్టిగా చెప్పుకుంటారు. అస్సక రాజధాని నిజామాబాద్ జిల్లాలోని బోధన్ పట్టణమే అన్న అభిప్రాయం కూడా బాగా ప్రచారంలో ఉంది. కానీ ఆ శిష్యుల దారిలో మొదటి మజిలీ ప్రతిష్ఠానం, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని పైఠాన్. అందుకని బావరి ఆశ్రమాన్ని నదికి ఎగువన చూసేవాళ్లూ ఉన్నారు. "బాదనకుర్తి నుంచి" అని పెడితే కామెంట్లన్నీ ఆ గొడవతోనే నిండుతాయి. "గోదావరి ఒడ్డు నుంచి" అంటే గ్రంథంలో ఉన్నదే అన్నట్టు. రెండోది, ఈ ప్రశ్న పౌర్ణమి నాడు అడిగారని ఎక్కడా అనకు. ఆ రోజున స్మరించుకునేవి పుట్టుక, జ్ఞానోదయం, మహాపరినిర్వాణం. ఆ మూడింటినీ 48 సెకన్లలో ఇరికిస్తే స్కూల్ చార్ట్ అవుతుంది కాబట్టి నేను వాటి జోలికి పోలేదు.

సతి అన్న మాట కూడా అట్లనే వాడకు. మొదటి రికార్డింగ్‌లో "ఆపేది సతి" అని చదివితే మా తమ్ముడు పడీ పడీ నవ్వాడు, "వదినే కదా ఆపేది" అని. తెలుగు చెవికి సతి అంటే భార్య. స్మృతి అంటే జ్ఞాపకం అనుకుంటారు. మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏదో యాప్ గుర్తొస్తుంది. మనకు ఎరుక ఉండనే ఉంది, "నాకెరుకే" అని రోజుకు పదిసార్లు అంటాం. అదే పెట్టా.

మొత్తం వీడియోలో నేను చదివింది ఇంతే:

"గోదావరి ఒడ్డు నుంచి అజితుడనే శిష్యుడు నడుచుకుంటూ బుద్ధుడి దగ్గరికి పోయాడు. 'ప్రవాహాలు అన్ని దిక్కులకూ పారుతున్నాయి. వాటిని ఆపేది ఏది?' అని అడిగాడు. 'ఎరుక' అన్నాడు బుద్ధుడు."

ఇరవై ఒక్క మాటలు. నిదానంగా చదివితే 15 సెకన్లు పడుతుంది. మిగిలిన 33 సెకన్లు ఎవరూ మాట్లాడరు. మొదట్లో చివర ఇంకో వాక్యం ఉండేది, "ఈ పూట అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి" అని. ఫోన్‌లో షార్ట్ చూస్తున్న మనిషికి ఆ మాట చెప్తే నాకే నవ్వొచ్చి తీసేశా.

ఇక బొమ్మలు. ధ్యానం చేసే విగ్రహం లేకుండా బుద్ధ పౌర్ణమి వీడియో ఏంటని అనిపిస్తుంది. పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట స్తూపం ఉంది కదా, హుస్సేన్‌మియా వాగు దగ్గర. అక్కడ దొరికిన సున్నపురాయి పలకల మీద చుట్టలు చుట్టుకుని పడగ విప్పిన పాము కనిపిస్తుంది. జ్ఞానోదయం తర్వాత వానలో బుద్ధుడికి గొడుగు పట్టిన ముచలింద నాగుడు అది. బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కని కాలం నాటి పని. పాదాల గుర్తు, ఖాళీ ఆసనం, చెట్టు, గొడుగు, వీటితోనే ఆయన ఉన్నాడని చెప్పేవాళ్లు. అంటే విగ్రహం లేకపోవడమే మన ప్రాంతంలో పాత పద్ధతి. నీ షార్ట్‌కు కావలసిన బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. బోధి వృక్షమంటే రావిచెట్టే. ఏ ఊరికి పోయినా రావిచెట్టు కింద గద్దె ఉంటుంది. పొద్దున ఐదున్నరకు ఆ గద్దె మీద ఎవరూ కూర్చుని ఉండరు.

నా మొదటి షాట్ అదే, తొమ్మిది సెకన్లు. కింద ఖాళీ గద్దె, పైన ఆకులు. రావి ఆకుకు కాడ పొడుగు, పైగా సన్నగా ఉంటుంది. అందుకే పక్క వేపచెట్టు కదలని గాలికి కూడా అది వణుకుతుంది. ఈ వణుకు నీకు అవసరం. షార్ట్స్ చూసేవాడు రెండు సెకన్లలో వేలితో పైకి నెట్టేస్తాడు. అతన్ని ఆపడానికి అరుపు అక్కర్లేదు, మొదటి ఫ్రేమ్‌లోనే ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. నల్ల తెర నుంచి మెల్లగా వెలుగు రావడం సినిమా హాల్లో బాగుంటుంది గానీ ఇక్కడ వీడియో లోడ్ కాలేదనుకుని పోతారు. స్లో మోషన్ కూడా వద్దు. ఆకు వణుకును నాలుగింతలు నెమ్మదిస్తే నీళ్లలో తేలే ప్లాస్టిక్ లెక్క కనిపిస్తుంది. అసలు వేగంలోనే ఉంచి, షాట్‌ను పొడుగు చెయ్.

రెండో షాట్ తూము, 13 సెకన్లు. పరకాల వైపు మా మేనమామ వాళ్ల ఊరి చెరువులో తీశా. మే నెల నడిమికి యాసంగి కోతలు అయిపోయాయి, తూము మూసే ఉంది. షట్టర్ సందులోంచి సన్నటి ధార కారుతోంది. పెద్ద ప్రవాహం దొరకలేదని మొదట దిగులుపడ్డా. తర్వాత చూస్తే ప్రశ్నకు ఆ కారడమే సరిపోయింది. ఫోన్‌ను రాయి మీద పెట్టి, తెర మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేశా. లాక్ చేయకపోతే నీటి మెరుపు వచ్చినప్పుడల్లా ఫోన్ తనకు తానే వెలుతురు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. చూసేవాడికి అదేంటో తెలియకపోయినా మనసు మాత్రం కుదురుగా ఉండదు.

ఇప్పుడు చంద్రుడు. నీ తెల్ల బొట్టుకు కారణం ఫోన్ కాదు, తీసిన టైం. పున్నమి చంద్రుడి మీద పడేది ఎండే. అంటే రాత్రి ఎనిమిదింటికి నువ్వు తీస్తున్నది చీకటి మధ్యలో పట్టపగలు వెలిగే ఒక రాయిని. ఫోన్ చీకటిని లెక్కలోకి తీసుకుని వెలుతురు పెంచుతుంది, చంద్రుడు తెల్లగా మాడిపోతాడు. వెలుతురు తగ్గిస్తే చంద్రుడు వస్తాడు గానీ చెరువు పోతుంది. రెండూ కలిసి రావాలంటే ఆకాశంలో ఇంకా వెలుతురు ఉండాలి. పౌర్ణమి నాడు చంద్రుడు దాదాపు పొద్దు గుంకే వేళకే లేస్తాడు. కానీ మే నెలలో మన దగ్గర దిగంతం దగ్గర దుమ్ము పొర ఉంటుంది కాబట్టి, అందులోంచి బయటపడి కనిపించేసరికి చీకటి పడుతుంది. అందుకని ముందు రోజు తీయాలి. చంద్రుడు రోజుకు ముప్పావు గంట నుంచి గంట ఆలస్యంగా లేస్తాడు, అంటే చతుర్దశి నాడు అంత ముందే పైకి వస్తాడు. నేను మే 11న తీశా. ఆ పూట పొద్దు గుంకింది ఆరున్నర దాటాక. ఆరుంపావుకే తాటిచెట్ల మీదుగా చంద్రుడు లేత పసుపుగా కనబడ్డాడు. చెరువులో నీళ్లు, కట్ట మీద తుమ్మచెట్లు, చంద్రుడు, అన్నీ ఒకే వెలుతురులో వచ్చాయి. పద్నాలుగో నాటి చంద్రుడు ఒక వైపు రవ్వంత తగ్గి ఉంటాడు. ఫోన్ తెర మీద అది ఎవరూ పట్టలేరు.

ఎక్కడ లేస్తాడో కూడా ముందే చూసుకో. ఈ కాలంలో సూర్యుడు తూర్పుకు కొంచెం ఉత్తరంగా లేస్తాడు కాబట్టి పున్నమి చంద్రుడు దానికి ఎదురుగా, తూర్పుకు కొంచెం దక్షిణంగా లేస్తాడు. ఆ వైపు నీళ్లు కనిపించేట్టు కట్ట మీద చోటు వెతుక్కో. మే నెలలో సాయంత్రం గాలిదుమారం లేస్తే ఏమీ దొరకదు. అప్పుడు పౌర్ణమి నాటి తెల్లవారుజామే దిక్కు. సూర్యోదయానికి ముందు మసక వెలుతురులో చంద్రుడు పడమట దిగుతుంటాడు, ఆ వేళకు దుమ్ము కూడా అణిగి ఉంటుంది.

పెద్ద చంద్రుడి మీద ఆశ వదులుకో. చంద్రబింబం ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. నిలువు వీడియో ఎత్తు 1920 చుక్కలైతే, మామూలు లెన్స్‌తో చంద్రుడికి దక్కేది పదిహేను చుక్కల దాకా. మూడింతల జూమ్ లెన్స్ విడిగా ఉన్న ఫోన్ అయితే నలభై పైన వస్తాయి. అంతకు మించి వేలితో లాగితే ముద్ద అవుతుంది. చిన్నగానే ఉండనీ. పక్కన తాటిచెట్టు ఉంటే కన్ను దానంతటదే అక్కడికి పోతుంది. తర్వాత ఎడిటింగ్‌లో రాత్రి లెక్క కనబడాలని నలుపు చేయకు. అప్‌లోడ్ అయ్యాక ముదురు ఆకాశం మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తుంది. నేను మొదట ఆ తప్పు చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఈ షాట్ 14 సెకన్లు. "ఎరుక" అన్న మాట దీని మొదట్లోనే వచ్చి అయిపోతుంది.

శబ్దం దగ్గర నాకు దెబ్బ తగిలింది. వైశాఖం పెళ్లిళ్ల కాలం. చంద్రుణ్ని తీస్తున్నంతసేపూ కట్ట అవతల బరాత్ డీజే మోగుతూనే ఉంది. తప్పు నాదే, ఆ నెల డేట్లన్నీ నాకే ఎక్కువ తెలియాలి. బొమ్మ ఉంచుకుని శబ్దం మొత్తం తీసేశా. మర్నాడు పొద్దున ఐదింటికి పోయి వేరుగా రికార్డ్ చేశా. ఇంకో ఫోన్‌కు మైకు వైపు పాత ఉన్ని సాక్సు తొడిగి రావి కొమ్మకు ఆనించి రెండు నిమిషాలు, తూము దగ్గర రెండు నిమిషాలు. సాక్సు లేకపోతే గాలి మైకును కొట్టి బుర్రుబుర్రుమంటుంది. కోకిల దానంతటదే పలికింది.

వేణువు ఎందుకు పెట్టలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు. పౌర్ణమి బౌద్ధులకు ఉపోసథ దినం. ఆ రోజు గృహస్థులు పాటించే ఎనిమిది శీలాల్లో ఆటా పాటా వాద్యాలకు దూరంగా ఉండడం ఒకటి. ఆ రోజు కోసం చేసే వీడియోలో సంగీతం లేకపోవడమే సరి అనిపించింది. అందరూ ఒప్పుకోవాలని లేదు. నువ్వు పెట్టుకుంటే మాత్రం ఆకుల చప్పుడును మింగేసేంత పెట్టకు. హెడ్‌ఫోన్‌లో బాగున్నది ఫోన్ స్పీకర్‌లో వినపడదు, అందుకని వంటింట్లో కుక్కర్ పక్కన నిలబడి ఒకసారి విను. గొంతు అక్కడ అర్థమైతే చాలు.

నాలుగో షాట్ మా అమ్మ చేతులు, చివరి 12 సెకన్లు. చాటలో బియ్యం చెరిగి రాళ్లు ఏరడం. మాటల్లో చెప్పకుండా ఎరుకను చూపించే పని ఏదని ఆలోచిస్తే ఇది ఇంట్లోనే దొరికింది. మొదట రాత్రి బల్బు కింద తీస్తే తెర మీద చారలు పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని ఎల్‌ఈడీలు దాంతోపాటే మిణుకుతాయి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షటర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు పోతాయి. నేను ఆ తిప్పలు పడకుండా పొద్దున గడప దగ్గర పీట వేయించా. కెమెరా చూడగానే అమ్మ చేతులు బిగుసుకుపోయి, టీవీలో వంటల ప్రోగ్రాం లెక్క బియ్యం సర్దడం మొదలుపెట్టింది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి రికార్డింగ్‌లో వదిలేసి నేను బయటికి పోయా. పది నిమిషాల్లో మొదటి ఆరు పనికిరాలేదు. ఏడో నిమిషంలో ఆమె ఫోన్‌ను మర్చిపోయింది. ఆ 12 సెకన్లు అక్కడివే. బియ్యం చాటలో పడే చప్పుడు రావి ఆకుల గలగలకు దగ్గరగా ఉంటుంది. అందుకే వీడియో అయిపోయి మళ్లీ మొదటికొచ్చినా అతుకు వినపడదు.

అక్షరాలు పెడితే తెర మధ్యకు కొంచెం పైన పెట్టు. కింది భాగంలో టైటిల్, కుడి పక్కన బటన్లు కూర్చుంటాయి, అక్కడ పెట్టినవి ఎవరికీ కనబడవు. నేను "ఎరుక" ఒక్కటే రాశా, అది కూడా మూడు సెకన్లు.

పౌర్ణమి పొద్దున పెట్టాక అమ్మకు చూపించా. రావిచెట్టు, తూము, చంద్రుడు అన్నీ మాట్లాడకుండా చూసింది. చివరికొచ్చేసరికి ఫోన్ లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "ఆ మూలకు ఇంకా రెండు రాళ్లున్నయ్ గదరా, నేను ఏరకముందే ఆపినవా?" అంది.